క్లాస్ సీ ట్యూన్డ్ యాంప్లిఫయర్ బోర్డు: నాలుగైదేళ్లు వాడాక

గుంటూరులో మా కాలేజీ ఈసీఈ ల్యాబ్‌లో ఈ బోర్డు నాలుగైదేళ్లుగా నడుస్తోంది. బీసీ 107 ట్రాన్సిస్టర్, 12 వోల్టుల సప్లై, కలెక్టర్‌లో 1 మిల్లీహెన్రీ కాయిల్‌కి సమాంతరంగా 1 నానోఫారడ్ కెపాసిటర్, అంటే రెజొనెన్స్ 159 కిలోహెర్ట్జ్ దగ్గర. సర్క్యూట్ అందరికీ తెలిసిందే కాబట్టి దాని జోలికి పోను. నాకు బాగా నచ్చింది మాత్రం లోడ్ రెసిస్టర్‌ని జంపర్‌తో పెట్టుకోవచ్చు, తీసేయవచ్చు అన్న ఒక్క సౌకర్యం. ఎఫిషియెన్సీకి, బ్యాండ్‌విడ్త్‌కి మధ్య ఉన్న లంకె ఏ పుస్తకంలోనూ ఇంత స్పష్టంగా నాకు కనిపించలేదు.

ఎమిటర్‌లో చిన్న రెసిస్టర్ ఉంది, దాని మీద స్కోప్ పెడితే కరెంటు పల్స్ కనిపిస్తుంది. ఒక సైకిల్ 6.28 మైక్రోసెకన్లు, పల్స్ వెడల్పు 2.1 వచ్చిందంటే ట్రాన్సిస్టర్ 120 డిగ్రీలే నడుస్తోందన్నమాట. సైకిల్‌లో మూడో వంతు మాత్రమే పని చేసి, మిగతా సమయమంతా కట్ ఆఫ్‌లో కూర్చుంటుంది, అయినా అవుట్‌పుట్‌లో నిండైన సైన్ వేవ్ వస్తుంది, ఎందుకంటే ఆ ఖాళీని నింపేది కాయిల్, కెపాసిటర్ కలిసిన ట్యాంక్. ఇది ఎన్నిసార్లు చూసినా నాకు ఆనందమే. 120 డిగ్రీలకి లెక్క ప్రకారం గరిష్ఠ ఎఫిషియెన్సీ దాదాపు 90 శాతం, అదే క్లాస్ బీలో 78.5. ఇంకా తగ్గించి 90 డిగ్రీలకి తెస్తే 94 అవుతుంది కానీ అదే పీక్ కరెంటుకి వచ్చే పవర్ పడిపోతుంది, అందుకే నేను 120 దగ్గరే ఆపుతాను.

మొదటి ఏడాది పిల్లలకి ఈ 90 గురించే గొప్పగా చెప్పేవాణ్ణి. కానీ అది ట్రాన్సిస్టర్ లెక్క, లోడ్‌కి చేరేది వేరు. మా కాయిల్ క్యూ 50 దాకా ఉంటుంది, అంటే దాని నష్టం 50 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ట్యాంక్‌కి సమాంతరంగా ఉన్నట్టు లెక్క. 10 కిలో ఓమ్‌ల లోడ్ పెడితే మొత్తం క్యూ 8.3కి, బ్యాండ్‌విడ్త్ 19 కిలోహెర్ట్జ్‌కి వస్తాయి. అవుట్‌పుట్ 22 వోల్టులు పీక్ టు పీక్, సప్లై నుంచి 0.74 మిల్లీఆంపియర్. ట్యాంక్‌లోకి 7.3 మిల్లీవాట్లు వెళ్తే లోడ్‌కి అందేది 6, మిగతాది కాయిల్ తినేస్తుంది. మొత్తం మీద 68 శాతం. బ్యాండ్‌విడ్త్‌ని సన్నగా చేద్దామని లోడ్ తేలిక చేసిన కొద్దీ కాయిల్ వాటా పెరుగుతూ పోతుంది.

ఇక అసలు తలనొప్పి. ఒక సెమిస్టర్‌లో లోడ్ జంపర్ తీసేసి, సాచురేషన్‌కి పోకుండా డ్రైవ్ తగ్గించి రీడింగులు తీస్తున్న బ్యాచ్, ‘సార్, అవుట్‌పుట్ పోయింది’ అని వచ్చింది. చూస్తే ఐదో వంతు కూడా లేదు. ట్రాన్సిస్టర్ మార్చాం, కెపాసిటర్ మార్చాం, కాయిల్‌ని మీటర్‌తో చూశాం, అన్నీ బాగానే ఉన్నాయి, టెన్షన్ మాత్రం తగ్గలేదు. జంపర్ మళ్లీ పెడితే 22 రావాల్సింది 17 దగ్గర ఆగింది, సప్లై కరెంటు మాత్రం ఇంచుమించు అంతే, అంటే ఎఫిషియెన్సీ 68 నుంచి 40కి జారింది. చివరికి ఊరికే జనరేటర్ ఫ్రీక్వెన్సీ నాబ్‌ని కిందకి తిప్పుతుంటే 152 కిలోహెర్ట్జ్ దగ్గర అవుట్‌పుట్ మళ్లీ పైకి లేచింది.

దొంగ దొరికింది. ప్రోబులు చాలక స్టోర్ నుంచి మొసలి క్లిప్పుల కోయాక్సియల్ కేబుల్ తెచ్చి ట్యాంక్‌కి తగిలించారు. ఒక మీటర్ కేబుల్ దాదాపు 100 పికోఫారడ్, అది నేరుగా మన 1 నానోఫారడ్‌కి కలిసిపోయింది. రెజొనెన్స్ ఏడు కిలోహెర్ట్జ్ పైగా దిగిపోయింది. లోడ్ ఉన్నప్పుడు 19 వెడల్పున్న బ్యాండ్ కాబట్టి కొంతైనా కాచింది, లోడ్ లేనప్పుడు బ్యాండ్‌విడ్త్ 3.2 కిలోహెర్ట్జే, అందుకే పూర్తిగా కూలింది. 10ఎక్స్ ప్రోబ్ అయితే 15 పికోఫారడ్ లోపు, రెజొనెన్స్ పక్కకి జరిగేది ఒక కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల. అప్పటి నుంచి నాది ఒకటే పద్ధతి, అవుట్‌పుట్ పోయిందంటే ట్రాన్సిస్టర్ ముట్టుకోకముందే ఫ్రీక్వెన్సీ పైకీ కిందకీ తిప్పి చూడాలి. పీక్ వేరే చోట దొరికితే ట్యూనింగ్ పక్కకి జరిగిందని, ఎక్కడా దొరకకపోతేనే ఏదో కాలిందని అనుకోవాలి.

ఒకే ఫ్రీక్వెన్సీ క్యారియర్ మీద, మాలాగా ల్యాబ్‌లో చూపించడానికైతే ఈ బోర్డు నాకు చాలా నచ్చింది, లోడ్ పెట్టే వాడతాను. మాట్లాడే గొంతుతో ఏఎం చేయాలనుకునేవాళ్లు లోడ్ తీసేసి వాడొద్దు, ఆ సన్నటి బ్యాండ్‌లో 1.6 కిలోహెర్ట్జ్ దాటిన సైడ్‌బ్యాండ్లు సగం పవర్ కన్నా కిందకి పోతాయి. మంచి స్కోప్ ప్రోబులు లేని ల్యాబ్ అయితే ముందు అవి కొన్నాకే దీని జోలికి వెళ్లండి.