కేస్ స్టడీ జవాబు: మెట్ల వరుసా, నిర్ణయం ముందా? ఏది మేలు?

సివిల్స్ మెయిన్స్‌లో 2013 నుంచి ఎథిక్స్ పేపర్ ఉంది. మొత్తం 250 మార్కుల్లో దాదాపు సగం కేస్ స్టడీలవే: ఆరు ప్రశ్నలు, ఒక్కోదానికి 20 మార్కులు, 250 పదాల పరిమితి. మూడు గంటలను మార్కుల లెక్కన పంచితే ఒక్కో కేసుకు 14 నిమిషాలు వస్తాయి. చదవడానికి, ఆలోచించడానికి 4 నిమిషాలు పోతే రాయడానికి మిగిలేది 10. తెలుగు మాధ్యమం వాళ్లకు ఇంకో బరువుంది. ప్రశ్న హిందీ, ఇంగ్లిషుల్లోనే ఉంటుంది, జవాబు తెలుగులో రాయాలి. మన పదాలు పొడుగు కాబట్టి 250 పదాల్లో విషయం ఎక్కువే పడుతుంది కానీ రాసే చేతికి సమయమూ ఎక్కువే పడుతుంది.

ఈ పది నిమిషాలకు రెండు అచ్చులు వాడుకలో ఉన్నాయి. ఒకటి మెట్ల వరుస: వాస్తవాలు, సంబంధిత పక్షాలు, నైతిక సమస్య, మార్గాలు, వాటి లాభనష్టాలు, ఎంపిక, సమర్థన. రెండోది నిర్ణయం ముందు పెట్టే పద్ధతి: అసలు చిక్కును ఒక్క వాక్యంలో చెప్పి, ఏం చేస్తారో వెంటనే రాసి, గంటల వారీగా అడుగులు చూపి, వదిలేసిన మార్గాలను చివర్లో రెండు మాటల్లో తోసిపుచ్చడం. రెంటినీ ఒకే కేసు మీద పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది.

కేసు (అభ్యాసానికి కూర్చినది)

మీరు సీడీపీవో, అంటే శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి. మీ పరిధిలో బాల్య వివాహ నిషేధ అధికారి కూడా మీరే. రాత్రి 9:30కి ఒక అంగన్‌వాడీ టీచర్ ఫోన్ చేసి, తన వీధిలోనే తెల్లవారుజామున 4:50 ముహూర్తానికి పదో తరగతి అమ్మాయి పెళ్లి జరగబోతోందని చెప్పింది. స్కూలు రికార్డు ప్రకారం అమ్మాయికి 16 ఏళ్లు, ఆధార్‌లో 18. వరుడికి 27. తండ్రి కౌలు రైతు, వరుడి కుటుంబం నుంచి 80 వేలు తీసుకుని అప్పు కట్టేశాడు. "నా పేరు బయటికి రానివ్వకండి మేడం, రేపు నేను ఆ వీధిలోనే బతకాలి" అంది టీచర్. పది నిమిషాల తర్వాత ఒక స్థానిక నాయకుడు ఫోన్ చేసి, పెళ్లి కానిచ్చి కాపురానికి రెండేళ్ల తర్వాత పంపిస్తారని, గొడవ చేయొద్దని చెప్పాడు. ఏం చేస్తారు? ఎందుకు?

వాస్తవాలు: ఇక్కడ మెట్ల వరుసదే పైచేయి

మెట్ల వరుస మిమ్మల్ని వాస్తవాల దగ్గర ఆపుతుంది. అదే దాని బలం. కానీ చాలామంది ఈ మెట్టు మీద ప్రశ్ననే తిప్పి రాసి 60 పదాలు పోగొట్టుకుంటారు. పరీక్షకుడి దగ్గర ప్రశ్న ఉంది, మళ్లీ చెప్పక్కర్లేదు. చేయాల్సింది వాస్తవాలను మూడుగా విడదీయడం: ఖాయమైనవి, వివాదంలో ఉన్నవి, తెలియనివి.

ఈ కేసులో ఖాయమైనది ముహూర్తం, అంటే ఏడు గంటల గడువు. వివాదం వయసు మీద. తెలియనిది అమ్మాయి మనసు. ఆమె ఏమనుకుంటోందో ప్రశ్నలో ఎక్కడా లేదు, అయినా "బాలిక చదువుకోవాలని కోరుకుంటోంది" అని రాసేస్తారు. లేని వాస్తవాన్ని కల్పించడం పెద్ద తప్పు. "బాలికతో విడిగా మాట్లాడతాను" అని రాస్తే ఆ ఖాళీ జవాబులో ఒక అడుగుగా మారుతుంది.

వయసు దగ్గర ఇంకో తప్పు మామూలుగా కనిపిస్తుంది: "వైద్య పరీక్ష చేయించి వయసు నిర్ధారిస్తాను." బాలల న్యాయ చట్టం, 2015లోని 94వ సెక్షన్ చెప్పే వరుస వేరు. ముందు స్కూలు ఇచ్చిన పుట్టిన తేదీ ధ్రువపత్రం లేదా మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్, అది లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ జనన ధ్రువపత్రం, ఆ రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆధార్ ఆ వరుసలోనే లేదు. కాబట్టి ఆ రాత్రి మొదటి ఫోన్ హెడ్మాస్టర్‌కి, అడ్మిషన్ రిజిస్టర్ కోసం. ఈ ఒక్క వాక్యంతో జవాబు రాస్తున్నది పని తెలిసిన మనిషని పరీక్షకుడికి అర్థమవుతుంది.

పక్షాలు: రెండు అచ్చుల్లోనూ తప్పేది ఇక్కడే

మెట్ల వరుస రాసేవాళ్లు బాలిక, తల్లిదండ్రులు, సమాజం, ప్రభుత్వం, మీడియా అని ఐదారు పేర్లు వేసి వెళ్లిపోతారు. నిర్ణయం ముందు పెట్టేవాళ్లు ఈ మెట్టే మరిచిపోతారు. మేలైన దారి: ఒక్కో పక్షం ఏం పోగొట్టుకుంటుంది, అది మళ్లీ తిరిగొస్తుందా అని అడగడం. అమ్మాయి పోగొట్టుకునేది తిరిగి రాదు. తండ్రి అప్పుకు వేరే దారి వెతకవచ్చు. టీచర్ పేరు ఒక్కసారి బయటపడితే దాన్ని వెనక్కి తీసుకోలేం. వరుడు పెద్దవాడు, చట్టం ప్రకారం శిక్షకు అర్హుడు, అతని పరువు తూకంలో చివర వస్తుంది. తిరిగిరాని నష్టం ఎవరిదో వాళ్లను ముందు పెట్టండి. సమాజం, మీడియా ఈ కేసులో అక్కర్లేదు.

మార్గాలు: మెట్ల వరుస మోసం చేసే చోటు

మెట్ల వరుసలో మార్గాలు సాధారణంగా ఇలా వస్తాయి: ఒకటి, పట్టించుకోకపోవడం. రెండు, నాయకుడి మాట వినడం. మూడు, పోలీసులతో వెళ్లి అరెస్టులు చేయించడం. నాలుగు, చట్టాన్నీ మానవత్వాన్నీ కలిపిన మధ్యేమార్గం. ఇందులో మొదటి రెండూ ఏ అధికారీ ఎంచుకోకూడనివి, మూడోది కావాలని మొరటుగా రాసింది. నాలుగోదాన్ని గెలిపించడానికే మిగతావి నిలబెట్టారని చదవగానే తెలిసిపోతుంది. వంద పదాలు ఖర్చయినా తూకమే జరగలేదు.

ఇలా ఎందుకవుతుందంటే, పెళ్లి ఆపాలా వద్దా అన్నదాన్ని ధర్మసంకటం అనుకోవడం వల్ల. అది సంకటం కాదు. బాల్య వివాహ నిషేధ చట్టం, 2006 దాన్ని ముందే తేల్చేసింది. చట్టం తేల్చినదాన్ని పక్కన పెడితే మిగిలేదే అసలు చిక్కు: ఎలా ఆపాలి? నచ్చజెప్పి హామీ పత్రం రాయించుకుంటే గొడవ ఉండదు, టీచర్ మీద అనుమానం తగ్గుతుంది. కానీ అదే ముహూర్తానికి పక్క ఊళ్లో తాళి కట్టించవచ్చు. కోర్టు ఉత్తర్వు, పోలీసులతో వెళ్తే పెళ్లి ఖాయంగా ఆగుతుంది. కానీ కుటుంబం కోపం అమ్మాయి మీద, ఊరి కోపం టీచర్ మీద పడతాయి. ఈ రెండే నిజమైన మార్గాలు. రెండే రాయండి, రెంటి ధరా నిజాయితీగా చెప్పండి.

అదే కేసు, నిర్ణయం ముందు పెట్టి

> ఇక్కడ చిక్కు పెళ్లి ఆపడం గురించి కాదు. బాలికకు, సమాచారం ఇచ్చిన టీచర్‌కు కొత్త హాని కలగకుండా ఏడు గంటల్లో ఎలా ఆపాలన్నదే. కోర్టు ఉత్తర్వుతో ఆపుతాను, ఇంటి దగ్గర మాత్రం మాటతో మొదలుపెడతాను.
>
> రాత్రి 10 లోపు: హెడ్మాస్టర్ నుంచి అడ్మిషన్ రిజిస్టర్ నకలు. ఎస్సైకి, బాలల హెల్ప్‌లైన్ 1098కి సమాచారం. నాయకుడికి ఒకటే జవాబు: కాపురం వాయిదా వేసినా ఈ వయసులో పెళ్లి నేరమే.
>
> 11 లోపు: బాల్య వివాహ నిషేధ చట్టం 13వ సెక్షన్ కింద ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్‌కు నా పేరుతోనే దరఖాస్తు. అత్యవసరం కాబట్టి నోటీసు లేకుండా తాత్కాలిక ఇంజంక్షన్ కోరతాను. టీచర్ పేరు కాగితం మీద ఉండదు. అబద్ధపు పేరు కూడా రాయను.
>
> 12కి: మహిళా కానిస్టేబుల్‌తో ఇంటికి. టీచర్‌ను వెంట తీసుకెళ్లను. బాలికతో విడిగా మాట్లాడతాను. ఇంజంక్షన్ వచ్చాక దాన్ని కాదని చేసిన పెళ్లి 14వ సెక్షన్ ప్రకారం చెల్లదని రెండు కుటుంబాలకూ చెబుతాను.
>
> మర్నాడు: 24 గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరు. ఇంట్లో ఉండటం క్షేమం కాదని కమిటీ భావిస్తే కస్తూర్బా విద్యాలయంలో సీటు, పరీక్షలు. తండ్రి అప్పు మీద వరుడి కుటుంబంతో పెద్దల సమక్షంలో వాయిదాల ఒప్పందం.
>
> హామీ పత్రం ఒక్కటే చాలదు: మాట తప్పితే ఆ నష్టం బాలికది, తిరిగిరాదు. నా మార్గానికీ ధర ఉంది: బాలిక కొంతకాలం ఇంటికి దూరమవుతుంది, టీచర్ మీద అనుమానం పూర్తిగా పోదు. అందుకే మూడు నెలల పాటు నెలకోసారి ఇద్దరినీ కలిసి చూస్తాను.

ఇందులో సమర్థన విడి పేరాగా లేదు, ప్రతి అడుగులోనూ ఉంది. ఎంచుకున్న మార్గం ధర కూడా ఒప్పుకుంది. మెట్ల వరుస జవాబుల్లో ఈ వాక్యమే ఎక్కువగా కనిపించదు, ఎందుకంటే గెలిచిన మార్గానికి నష్టాలు రాయడానికి ఆ అచ్చులో గడి లేదు. సమర్థన బాగుందో లేదో చూడటానికి ఒక పరీక్ష: ఆ వాక్యాన్ని కాలుష్యం కేసులోకో లంచం కేసులోకో మార్చకుండా పెట్టగలిగితే కొట్టేయండి. "చట్టబద్ధ పాలన, కరుణ, నిజాయితీ విలువలు కాపాడబడ్డాయి" ఎక్కడైనా ఇముడుతుంది. "మాట తప్పితే ఆ నష్టం బాలికది" ఈ కేసులో తప్ప ఇమడదు.

ఏది ఎప్పుడు

"ఏం చేస్తారు, ఎందుకు" అని అడిగితే నిర్ణయం ముందు పెట్టే పద్ధతే మేలు. సందేహం లేదు. "మీ ముందున్న మార్గాలేమిటి, ఒక్కోదాన్ని విశ్లేషించండి" అని (ఎ), (బి) భాగాలుగా అడిగితే మెట్ల వరుసకు రావాల్సిందే. అప్పుడు నిర్ణయం మొదట పెడితే (ఎ)కి జవాబు లేనట్టవుతుంది, మార్కులు భాగాల వారీగా పోతాయి. ప్రశ్న చివరి రెండు పంక్తులు ముందు చదివి, ఆ తర్వాతే కేసులోకి వెళ్లండి.

అభ్యాసంలో మాత్రం మొదటి పదిహేను, ఇరవై కేసులు మెట్ల వరుసలోనే, సమయం చూసుకోకుండా రాయడం మంచిది. వాస్తవాలను మూడుగా విడదీయడం, నష్టం తిరిగొస్తుందా అని తూచడం చేతికి అలవాటు కాకముందే నిర్ణయం ముందు పెట్టడం మొదలుపెడితే జవాబు హడావిడిగా, పోలీసు డైరీలా తయారవుతుంది. అలవాటయ్యాక ఆ మెట్లు ప్రశ్నపత్రం అంచున పెన్సిల్‌తో వేసుకునే నాలుగు గీతలవుతాయి. ఈ కేసుకైతే ఆ గీతలు ఇవి: "7 గం. / వయసు: రిజిస్టర్ / తిరిగిరానిది: అమ్మాయి, టీచర్ పేరు / ఎలా ఆపాలి?" రెండు నిమిషాల పని. మిగతా పది నిమిషాల రాత దాని మీద నడుస్తుంది.