పగిలిన గ్లాస్ వీడియో కింద ఏం రాయాలి? మూడు క్యాప్షన్లలో ఏది మేలు?

మా షాపుకి ఈ మధ్య ఒక సామ్‌సంగ్ ఫోన్ వచ్చింది. పై గ్లాస్ కుడి మూల నుంచి సాలెగూడులా పగిలింది. కానీ బొమ్మ శుభ్రంగా కనిపిస్తోంది, టచ్ కూడా పనిచేస్తోంది. అంటే లోపలి అమోలెడ్ ప్యానెల్‌కి ఏమీ కాలేదు. అందుకని గ్లాస్, డిస్‌ప్లే కలిసి వచ్చే కాంబో మొత్తం మార్చకుండా పై గ్లాస్ ఒక్కటే మార్చి, ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది అని 40 సెకన్ల వీడియో తీశాం. దాని కింద పెట్టడానికి మూడు క్యాప్షన్లు రాసుకున్నాం.

మొదటిది: “పగిలిన ఫోన్ మళ్లీ కొత్తదైంది! 100% గ్యారంటీ. వెంటనే రండి!”

రెండోది: “సెపరేటర్ మీద వేడి చేసి, సన్నటి మాలిబ్డినం వైరుతో గ్లాస్ తీసి, ఓసీఏ లామినేషన్, బబుల్ రిమూవర్. పర్ఫెక్ట్ ఫినిష్.”

మూడోది: “పగిలింది పై గ్లాసే. లోపల కంపెనీ డిస్‌ప్లేని అలాగే ఉంచాం. టచ్‌కి, బుడగలకి 3 నెలల వారంటీ, గీతలు వస్తే 30 రోజులు. కింద పడినా, నీళ్లు తగిలినా వర్తించదు.”

మొదటిది చదవడానికి జోరుగా ఉంటుంది, కాదనను. కానీ అందులో మా పనితనం ఎక్కడా లేదు. డూప్లికేట్ కాంబో వేసిన ఫోన్ కూడా వీడియోలో కొత్తదానిలాగే మెరుస్తుంది. తేడా చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. అమోలెడ్ తీసేసి చవక ఎల్‌సీడీ కాంబో వేస్తే నలుపు రంగు బూడిదగా కనిపిస్తుంది. స్క్రీన్ మీద వేలిముద్ర పెట్టే ఫోన్ అయితే అది పనిచేయడం మానేస్తుంది. “కొత్తదైంది” అన్న మాట ఈ రెండు పనులకీ ఒకేలా సరిపోతుంది. అదే నాకు నచ్చనిది.

ఇక “100% గ్యారంటీ”. దేనికి, ఎన్నాళ్లు? పోయినేడాది మేమూ ఇలాగే రాశాం. గ్లాస్ మార్పించుకున్న ఒకాయన రెండు నెలలకి స్క్రీన్ నిలువునా ఆకుపచ్చ గీతతో వచ్చారు. గ్లాస్ విడదీసేటప్పుడు తగిలే వేడికి, వంపుకి ప్యానెల్ అంచు బలహీనపడితే కొన్నాళ్లకి గీత పడొచ్చు. ఈ పనిలో ఆ రిస్క్ ఎప్పుడూ ఉంటుంది, కానీ మేం ముందు చెప్పలేదు. ఆయన మా క్యాప్షన్ స్క్రీన్‌షాట్ చూపించి “ఇది మీరు రాసిందేగా?” అన్నారు. ఆయన అడిగింది న్యాయమే. కాంబో ఖర్చు మేమే పెట్టుకున్నాం.

రెండోది నిజాయితీగానే ఉంది, పని వరసా సరైనదే. వేరే షాపుల నుంచి మాకు పని పంపే టెక్నీషియన్లకి ఇదే నచ్చుతుంది. కానీ చేతిలో పగిలిన ఫోన్ పట్టుకుని టెన్షన్ పడుతున్న మనిషికి ఓసీఏతో పనేముంది? అది గ్లాస్‌ని ప్యానెల్‌కి అంటించే పారదర్శకమైన జిగురు పొర అని ఆయనకి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. పైగా వారంటీ ఊసే లేదు.

మా షాపు పేజీకి నేను మూడోదే ఎంచుకుంటాను. ఏం మార్చామో, ఏం మార్చలేదో అది చెబుతోంది. కంపెనీ ప్యానెల్‌ని పాడు చేయకుండా గ్లాస్ ఒక్కటే తీయగలగడమే ఇక్కడి నేర్పు. గీతలకి గడువు వేరుగా పెట్టడం చూస్తే, ఈ పనిలో ఇబ్బంది ఎక్కడ రావొచ్చో మాకు తెలుసని కూడా అర్థమవుతుంది. ఒక లోటు మాత్రం ఉంది, అది పొడుగు. క్యాప్షన్‌లో మొదటి ఒకటి రెండు లైన్లే బయటికి కనిపిస్తాయి, మిగతాది నొక్కితే గానీ రాదు. అందుకే “కంపెనీ డిస్‌ప్లే అలాగే, 3 నెలల టచ్ వారంటీ” అన్నది ముందుకి తెచ్చి, మినహాయింపులు కిందికి జరిపాం. ఫోన్ విప్పాక మునుపటి వాటర్‌ప్రూఫ్‌కి హామీ ఇవ్వలేం కాబట్టి ఆ ముక్క కూడా చేర్చాం.

అయితే క్యాప్షన్‌లో రాసింది వీడియోలోనూ కనబడాలి. మొదట ఆఖరి 10 సెకన్లు వెలిగే వాల్‌పేపర్ పెట్టాం, తర్వాత తీసేశాం. దాని బదులు వేలిముద్రతో ఫోన్ తెరుచుకోవడం చూపించాం. తర్వాత డయలర్‌లో `*#0*#` కొట్టాం. చాలా సామ్‌సంగ్ ఫోన్లలో దీంతో టెస్ట్ మెనూ వస్తుంది. అందులో TOUCH నొక్కితే స్క్రీన్ మీద చిన్న గళ్లు వస్తాయి. వేలు పోయిన చోటల్లా గళ్లు రంగు మారుతూ పోతాయి, ఒక్క గడి మారకపోయినా అక్కడ టచ్ చచ్చిపోయినట్టే. పగిలిన కుడి మూల దగ్గర వేలు మెల్లగా జరిపి మరీ తీశాం.

వారంటీ మొదలయ్యే తేదీ, `*#06#` కొడితే వచ్చే ఐఎంఈఐ నంబరు బిల్లు మీద రాసిస్తాం. వీడియోలో మాత్రం ఆ నంబరు, కస్టమర్‌కి వచ్చే నోటిఫికేషన్లు కనిపించకుండా మసక చేస్తాం.