డ్రమ్ము లెక్కతో కేబుల్ కొంటున్నారా? లోపలి పీపా కొలత అడగండి

పోయిన నెల మా పొలంలో ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బోరు దాకా 330 మీటర్ల ఆర్మర్డ్ కేబుల్ కావాల్సి వచ్చింది. ఒక సైట్‌లో మిగిలిన డ్రమ్ము మీటరు 150 రూపాయలకు ఇస్తానన్నాడొకతను. విప్పి కొలవలేదు. టేపు పెట్టి లెక్కేసి 350 మీటర్లన్నాడు. మనకూ లెక్కలొచ్చు కదా అని నేనూ వేశాను, అంతే వచ్చింది. డబ్బు కట్టేశాను. కాలువలో పరిచాక తేలింది 270 మీటర్లే.

అతని లెక్క ఇది. కేబుల్ మందం 2 సెంటీమీటర్లు, పక్క చక్రాల మధ్య వెడల్పు 50, అంటే వరసకు 25 చుట్లు. చుట్టిన కేబుల్ బయటి వ్యాసం 72, లోపలి పీపా 40. మధ్యలో 16 సెంటీమీటర్ల మందం, అంటే 8 వరసలు. సగటు చుట్టు వ్యాసం 56, దాన్ని 3.14తో గుణిస్తే చుట్టుకు 1.76 మీటర్లు. మొత్తం 200 చుట్లు, 352 మీటర్లు.

గుణకారంలో తప్పు లేదు. తప్పంతా ఆ 40లో ఉంది. కేబుల్ నిండా ఉన్నప్పుడు పీపా కనబడదు, అతను ఊహించి చెప్పాడు, నేను ఊకొట్టాను. డ్రమ్ము ఖాళీ అయ్యాక కొలిస్తే 48! ఆ 8 సెంటీమీటర్ల తేడాకు 8 వరసలు 6 అయిపోయాయి. అంచుల్లో ఖాళీ పోగా వరసకు 24 చుట్లే పట్టాయి. 144 చుట్లు, సగటు వ్యాసం 60. లెక్కేస్తే 271 మీటర్లు. కాలువలో తేలిందీ అంతే.

పీపా కనబడకపోయినా కనుక్కోవచ్చని మా ఎలక్ట్రీషియన్ తర్వాత చెప్పాడు. కేబుల్ లోపలి కొస పక్క చక్రంలోని చిన్న కన్నం గుండా బయటకు వస్తుంది. ఆ కన్నం పీపాకు ఆనుకునే ఉంటుంది. ఇరుసు రంధ్రం మధ్య నుంచి ఆ కన్నం లోపలి అంచు దాకా కొలిచి రెట్టింపు చేస్తే పీపా వ్యాసం వచ్చేసినట్టే. మా డ్రమ్ముకు ఆ దూరం 24 ఉంది, రెట్టింపు చేస్తే 48.

అసలు అంత లెక్క కూడా అక్కర్లేదు. చాలా కేబుళ్ల తొడుగు మీద మీటరు మీటరుకీ వరస అంకె ముద్రించి ఉంటుంది. మాదాని బయటి కొస మీద 884, కన్నంలోంచి వచ్చిన కొస మీద 613. తీసివేస్తే 271. రెండు కొసలూ నా కళ్లెదురుగానే ఉన్నాయి, ఒక్కటీ చదవలేదు!

మందం కూడా కాలిపర్‌తో మీరే కొలవండి. 20 మిల్లీమీటర్లనుకున్నది 22 ఉంటే, చుట్లూ వరసలూ రెండూ తగ్గి, పొడవు ఐదో వంతు దాకా పడిపోతుంది.

80 మీటర్ల తేడాకు 12,000 రూపాయలు. ఫోన్ చేస్తే, "మీరూ లెక్కేసి ఒప్పుకున్నారు కదండీ" అన్నాడు. మిగిలిన 60 మీటర్లూ వేరే కేబుల్ కొని, మధ్యలో జాయింట్ వేయించాల్సి వచ్చింది.