కారం ప్యాకెట్ కనిపించాలా, దాని పేరు వినిపించాలా?

గుంటూరులో మా బావకి చిన్న కారం మిల్లు ఉంది. యార్డులో మిర్చి కొని, తొడిమలు తీయించి, ఆడించి, సొంత పేరుతో ప్యాకెట్లు కట్టి అమ్ముతారు. కిందటి వేసవిలో విజయవాడ కుర్రాళ్లు కొందరు యూట్యూబ్ కోసం ఒక ఫ్యామిలీ సిరీస్ తీస్తూ ఆయన దగ్గరికి వచ్చారు. సినిమావాళ్లు ఇన్-ఫిల్మ్ బ్రాండింగ్ అంటారే, ఆ బేరం. మూడు రేట్లు చెప్పారు. వంటింటి అలమరాలో ప్యాకెట్ కనిపిస్తే 15 వేలు. అమ్మ పాత్ర ఒకసారి కంపెనీ పేరు పలికితే 30 వేలు. ప్యాకెట్ చుట్టూనే ఒక సన్నివేశం అల్లితే 45 వేలు.

"నువ్వు పిల్లలకి అడ్వర్టైజింగ్ పాఠం చెప్తావుగా బావా, ఏది మేలో నువ్వే చెప్పు" అన్నారు బావ. 45 వేలదే మేలని ఆయన ముందే అనుకున్నారు. రేటు ఎక్కువైతే సరుకు మంచిదని మిర్చి వ్యాపారంలో నమ్మకం.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. దీని మీద జరిగిన పరిశోధనల్లో నాకు తెలిసినవి ఒకదానితో ఒకటి చక్కగా పేచీ పెట్టుకుంటాయి. షర్మిష్ఠ లా, కాథరిన్ బ్రౌన్ 2000లో అచ్చువేసిన అధ్యయనంలో, మాట లేకుండా తెరమీద ఊరికే కనిపించిన వస్తువులే జనానికి అన్నిటికంటే తక్కువగా గుర్తున్నాయి. తీరా ఏదో ఒకటి ఎంచుకోమంటే మాత్రం వాటి ప్రభావమే ఎక్కువగా ఉంది. గుర్తుండటం వేరు, చెయ్యి అటు వెళ్లడం వేరు అన్నమాట. 2004లో బ్రిటన్‌లో ఆటీ, లూయిస్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లలతో ఇలాంటిదే చేశారు. 'హోమ్ అలోన్' సినిమాలో పెప్సీ ఒలికిపోయే ముక్కను సగం మందికి చూపించి, తర్వాత పెప్సీ, కోక్ రెండూ ముందు పెట్టి నచ్చింది తాగమన్నారు. ఆ ముక్క చూసినవాళ్లలో 62 శాతం పెప్సీ తీసుకున్నారు. అది లేని ముక్క చూసినవాళ్లలో 42 శాతమే. సినిమాలో ఏ డ్రింక్ కనిపించిందో చెప్పగలిగారా లేదా అన్నదానికీ, ఏది తాగారన్నదానికీ పెద్దగా పొంతన లేదు.

కానీ పెప్సీ పిల్లలకి ముందే తెలుసు. మా బావ కారం గుంటూరు దాటితే ఎవరికీ తెలియదు. తెలియని పేరుకి కూడా ఇదే లెక్క పనిచేస్తుందా అన్నది తేలాలంటే మేమే చూసుకోవాలి.

అదృష్టం ఏమిటంటే వాళ్ల మొదటి ఎపిసోడ్ షూటింగ్ మా అక్కవాళ్ల వంటింట్లోనే. కాసేపు బతిమాలి ఆరు నిమిషాల ముక్కను నాలుగు రకాలుగా తయారు చేయించాను. మొదటిదాంట్లో ప్యాకెట్ నాలుగు సెకన్లు వెనక అలమరాలో ఉంటుంది. రెండోదాంట్లో ప్యాకెట్ కనిపించదు, కూర తిప్పుతూ అమ్మ దాని పేరు పలుకుతుంది. మూడోదాంట్లో హైదరాబాద్ వెళ్లే కొడుకు బ్యాగులో ప్యాకెట్ పగిలి తెల్లచొక్కా ఎర్రబడుతుంది, పేరు ఎవరూ ఎత్తరు. నాలుగోదాంట్లో మా బావ సరుకే లేదు. ఈ నాలుగోది దండగ కదా అని డైరెక్టర్ విసుక్కున్నాడు. నిజానికి మొత్తం ప్రయోగం దానిమీదే నిలబడింది. ఎందుకో ముందుముందు చెప్తాను.

మొదటి ప్రయత్నం పాడైంది, తప్పు నాదే. "ఇందులో యాడ్స్ ఉన్నాయేమో చూడండి" అని నోరు జారాను. ఇక పిల్లలు కథ మానేసి గిన్నెలు, డబ్బాలు, గోడమీద క్యాలెండర్ చూడటం మొదలుపెట్టారు. ఇంట్లో టీవీ ముందు ఎవరూ అలా చూడరు. రెండోసారి వేరే బ్యాచ్ డిగ్రీ పిల్లలు 48 మందిని పిలిచి, నటన ఎలా ఉందో చెప్పండి చాలు అన్నాను. ఎవరు ఏ గదికి వెళ్లాలో చీట్లు తీయించాను. సెక్షన్ల వారీగా పంపితే స్నేహితులంతా ఒకేచోట చేరతారు, వాళ్ల అలవాట్లు కూడా ఒకటే అయి ఉంటాయి. గదికి 12 మంది. ముక్క అయ్యాక పది నిమిషాలు పదకేళి ఇచ్చాను, చూసింది కాస్త చల్లారడానికి.

తర్వాత అడిగే వరుస చాలా ముఖ్యం. ముందుగా ఒక్కొక్కరినీ పక్కగదికి పంపాను. అక్కడ బల్లమీద మూడు కంపెనీల చిన్న కారం ప్యాకెట్లు, థ్యాంక్స్‌గా ఒకటి తీసుకెళ్లమన్నాం. గుంపుగా పంపితే ముందువాడు తీసిందే వెనకవాడూ తీస్తాడు. అది అయ్యాక తెల్లకాగితం ఇచ్చి, ముక్కలో కనిపించిన, వినిపించిన కంపెనీ పేర్లు గుర్తున్నవి రాయమన్నాను. చిట్టచివర ఎనిమిది పేర్ల జాబితా ఇచ్చి, ఉన్నవాటికి టిక్ పెట్టమన్నాను. జాబితా ముందే ఇస్తే అందులో చదివిన పేరునే తెల్లకాగితం మీద రాసేస్తారు. ఆ ఎనిమిదిలో ఐదు ముక్కలో లేనే లేవు, కావాలనే కలిపాను.

తెల్లకాగితం ఫలితం చూసి బావ మొహం మారిపోయింది. అలమరాలో ప్యాకెట్ చూసిన 12 మందిలో ఒక్కరూ పేరు రాయలేదు. పేరు విన్నవాళ్లలో ఏడుగురు రాశారు. బ్యాగులో పగిలింది చూసినవాళ్లలో ఐదుగురు. ఏడుకీ సున్నాకీ తేడా ఊరికే వచ్చేది కాదు. ఆ ఇరవై నాలుగు కాగితాల్నీ పేకముక్కల్లా కలిపి రెండు కట్టలుగా పంచితే, అంత తేడా పడేది వెయ్యిసార్లలో ఐదుసార్ల లోపే.

జాబితాకి వచ్చేసరికి అలమరా గ్రూపులో నలుగురు టిక్ పెట్టారు. "అదిగో, నలుగురికి గుర్తుంది" అన్నారు బావ. ఇక్కడే ఆ దండగ ముక్క పనికొచ్చింది. ప్యాకెట్ అసలు లేని ముక్క చూసినవాళ్లలో కూడా ఇద్దరు మా బావ పేరుకి టిక్ పెట్టారు! అంతకన్నా చిత్రం, టీవీలో రోజూ యాడ్ వచ్చే ఒక పెద్ద కంపెనీ పేరు ఏ ముక్కలోనూ లేదు, అయినా ఒక్కో గదిలో నలుగురైదుగురు దాన్ని చూశామన్నారు. వంటిల్లు చూస్తే అది ఉండే ఉంటుందని మనసే పెట్టేస్తుంది. కాబట్టి నలుగురిలోంచి ఆ ఇద్దరినీ తీసేసి లెక్కపెట్టుకోవాలి. అలమరాకి మిగిలింది ఇద్దరు. పేరు విన్న గ్రూపులో టిక్ పెట్టింది పదిమంది, తీసేస్తే ఎనిమిది. "మా బ్రాండ్ ఇంతమందికి గుర్తుంది" అని ఎవరైనా లెక్క చూపిస్తే, లేని పేర్లకి ఎంతమంది అవునన్నారని ముందు అడగండి.

ఇక బల్లమీద ప్యాకెట్ల సంగతి. ముక్కలో సరుకు లేనివాళ్లలో ముగ్గురు బావ ప్యాకెట్ తీసుకున్నారు. అలమరా గ్రూపులో ఐదుగురు, పేరు విన్నవాళ్లలో మళ్లీ ముగ్గురే, బ్యాగు గ్రూపులో ఆరుగురు. పేరు అందరికన్నా బాగా గుర్తున్నవాళ్లే, అసలేమీ చూడనివాళ్లకంటే ఒక్కటి కూడా ఎక్కువ తీసుకోలేదు. నటన గురించి రాయమన్న కాగితాల్లో కారణం ఒకటి దొరికింది. వాళ్లలో ఆరుగురు ఆ డైలాగు దగ్గర "యాడ్‌లా ఉంది" అనే అర్థం వచ్చేలా రాశారు. క్రిస్టెల్ రసెల్ 2002లో రాసింది ఇదే. ఆమె ఈ పనికోసమే ఒక సిట్‌కామ్ రాయించి నటింపజేసి చూసింది. కథతో సంబంధం లేని చోట పేరు పలికిస్తే జ్ఞాపకం పెరుగుతుంది కానీ, అతకలేదని తెలిసిపోయి మనసు ఎదురుతిరుగుతుంది. కథకి అవసరమైన చోట పలికితే అలా జరగదు.

అయితే ఇక్కడ నన్ను నేను ఆపుకోవాలి. ఆరుకీ మూడుకీ తేడా, 12 మంది గ్రూపుల్లో, పేక కలిపి పంచినా పదిసార్లకి నాలుగుసార్లు పడుతుంది. కాబట్టి అలమరా అమ్మిస్తుందనో బ్యాగు అమ్మిస్తుందనో నా ప్రయోగం నిరూపించలేదు. నిజంగా తేల్చాలంటే గదికి వందమందైనా కావాలి. ఇంకో లోపం కూడా ఉంది. బ్యాగు సన్నివేశంలో ప్యాకెట్ 11 సెకన్లు తెరమీద ఉంది, అలమరాలో నాలుగే. తేడా కథవల్లో, సెకన్లవల్లో ఎలా చెప్పడం? పైగా పేరు విన్నవాళ్లు లేబుల్ ఎప్పుడూ చూడలేదు, బల్లమీద దాన్ని చదివితేనే పోల్చుకోగలరు. వారం తర్వాత మళ్లీ అడుగుదామనుకున్నాను. ఈలోగా క్యాంటీన్‌లో అందరూ ఒకరికొకరు చెప్పేసుకున్నారు.

మరి ఏది మేలు? నాకు తట్టింది ఏమిటంటే, సరుకు ఎక్కడ అమ్ముతున్నారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. సూపర్ మార్కెట్‌లో కళ్ల ముందు పది ప్యాకెట్లుంటాయి, ఎక్కడో చూసినట్టుందే అనిపిస్తే చాలు, చెయ్యి వెళ్తుంది. అక్కడికైతే 15 వేల అలమరా నాసిరకమేం కాదు. మా బావ సరుకు వెళ్లేదంతా కిరాణా కొట్లకి. అక్కడ కౌంటర్ బయట నిలబడి నోటితో పేరు అడగాలి. పేరు నోట్లోకి రాకపోతే "ఒక పావుకిలో కారం ఇవ్వండి" అంటారు, కొట్టాయన తనకి లాభం ఎక్కువున్నది చేతిలో పెడతాడు. అంటే ఆయనకి కావాల్సింది తెల్లకాగితం పరీక్షలో నెగ్గేది. అది చెవిన పడిన పేరే. కాకపోతే యాడ్‌లా ఉండకూడదు.

చిక్కుముడి విప్పింది మా అక్క. "వంట చేస్తూ కారం కంపెనీ పేరు ఎవరంటార్రా? 'కారం అందుకో' అంటాం. కొట్టుకి పంపేటప్పుడు కదా పేరు చెప్పేది" అంది. నిజమే. తెలుగింట్లో బ్రాండు పేరు సహజంగా పలికే చోటు అదొక్కటే.

డైరెక్టర్‌కి ఫోన్ చేశాం. ప్యాకెట్ పగిలి బ్యాగు పాడయ్యాక కొత్తది తెమ్మని అమ్మ చిన్నకొడుకుని సందు చివరి కొట్టుకి పంపాలి, పేరు చెప్పి "వేరేది ఇస్తే తీసుకోకు" అనాలి అన్నాం. కథ అక్కడికే వచ్చింది కాబట్టి అతను కూడా ఒప్పుకున్నాడు. రెండూ కలిపి 75 వేలు అన్నాడు. బావ ఫోన్ లాక్కుని 50 దగ్గర మొదలుపెట్టారు. 55కి తెగింది, యూనిట్‌కి ఐదు కిలోల కారం ఊరికే ఇవ్వాలన్న షరతు మీద.