నిరోధం దాటగానే కొనడమా, ముగింపు చూసి కొనడమా, మళ్లీ కిందికి వచ్చేదాకా ఆగడమా?

ఒక షేరు కొన్ని వారాలుగా 470, 500 మధ్య తిరుగుతోందనుకుందాం. 470 దగ్గర ప్రతిసారీ కొనుగోళ్లు వస్తున్నాయి కాబట్టి అది మద్దతు. 500 దగ్గర మూడుసార్లు వెనుదిరిగింది కాబట్టి అది నిరోధం. ఆ గీతల్లో మహత్తేమీ లేదు, అక్కడ పేరుకున్న ఆర్డర్లలోనే ఉంది విషయమంతా. గతంలో 500కు కొని చిక్కుకున్నవారు అసలు దక్కితే చాలని అక్కడ అమ్ముతారు. ధర పడుతుందని అక్కడే ముందుగా అమ్మి షార్ట్ చేసినవారు, నష్టం పెరగకుండా తిరిగి కొనేసే స్టాప్‌లాస్ ఆర్డర్‌ను 503 దగ్గర పెట్టుకుంటారు. కరెన్సీ మార్కెట్ ఆర్డర్లపై కరోల్ ఆస్లర్ 2003లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇలాంటి తీరే కనిపించింది: లాభాల స్వీకరణ ఆర్డర్లు రౌండ్ నంబర్ల దగ్గర, కొనుగోలు స్టాప్‌లాస్‌లు వాటికి కాస్త పైన గుమిగూడాయి.

ఉచ్చు బిగిసేది ఇక్కడే. ధర 503ను తాకగానే షార్ట్‌ల స్టాప్‌లాస్‌లు కొనుగోళ్లుగా మారి దాన్ని నిమిషాల్లో 507కు లేపుతాయి, చార్టులో ఆ పెరుగుదలను చూపే పచ్చ క్యాండిల్‌ను చూసి బయట ఉన్నవారు 506కు కొంటారు. పెద్ద మొత్తంలో అమ్మదలచినవారికి ఇంతమంది కొనేవారు ఒకేసారి మరెప్పుడు దొరుకుతారు? స్టాప్‌లాస్ కొనుగోళ్లు ఒక్కసారితో అయిపోతాయి కనుక, వాటి వెనుక అసలైన గిరాకీ లేకపోతే ధర 497 దగ్గర ముగుస్తుంది. ఆలస్యంగా వచ్చినవారి స్టాప్‌లాస్‌లు 494 దగ్గర తెగినప్పుడు అవే కొత్త అమ్మకాలవుతాయి. ఇలా నిరోధాన్ని దాటి నిలవలేని తప్పుడు బ్రేకౌట్ తర్వాతి పతనం అంత వేగంగా ఉండడానికి ఇదొక కారణం.

ఇప్పుడు మూడు పద్ధతులనూ తూచి చూద్దాం. పాత శ్రేణి ఎత్తు 30 కాబట్టి లక్ష్యం 530, స్టాప్‌లాస్ అన్నింటికీ 494 అనుకుందాం.

దాటగానే 503కు కొంటే రిస్కు 9, రాబడి 27. కాగితం మీద అందంగానే ఉంటుంది, కానీ పైన చెప్పిన ఉచ్చులో మొదట పడేది ఈ పద్ధతే. పైగా ఆ హడావుడిలో ఆర్డర్ 503కు కాక 506కు పడితే లెక్క 12కు 24 అవుతుంది.

రోజు ముగింపు 508 దగ్గర చూసి కొంటే రిస్కు 14, రాబడి 22 మాత్రమే. అయితే 497 దగ్గర ముగిసిన రోజు మనం అసలు రంగంలోనే ఉండం. వాల్యూమ్ భారీగా ఉండి, క్యాండిల్ పైన నీడ అనే పొడవాటి గీత మాత్రమే మిగిల్చి ముగింపు 500 కిందికి వచ్చిందంటే, పైస్థాయిల్లో అమ్మకాలు గట్టిగా జరిగాయని అనుమానించాలి. ముగింపు పైన ఉన్నంత మాత్రాన హామీ లేదు, మర్నాడే పడిపోయిన సందర్భాలూ తక్కువేమీ కాదు.

ధర 501కి దిగివచ్చి అక్కడ నిలబడ్డాక కొంటే రిస్కు 7, రాబడి 29. పాత నిరోధం మద్దతుగా మారిందో లేదో కళ్లారా చూసి కొనడమిది. దీని లోపమల్లా, బలమైన బ్రేకౌట్లు తరచూ వెనక్కి చూడకుండా వెళ్లిపోవడమే.

నా మొగ్గు మూడోదానికే. తెర ముందు రోజంతా కూర్చోలేనివారికి రెండోది నయం, కానీ మొదటిదానితో పోలిస్తే రిస్కు 9 నుంచి 14కు పెరిగింది కనుక కొనే షేర్ల సంఖ్యను దాదాపు మూడో వంతు తగ్గించుకోవాలి.