రౌటర్ పక్కన అంటించిన చీటీ: పదహారు నెలలు వాడాక

మాది గుంటూరు బ్రాడీపేటలో రెండంతస్తుల ఇల్లు. కింద అత్తయ్య, మామయ్య, మరిది. పైన నేను, మా ఆయన, ఇంటర్ చదివే మా అబ్బాయి. అందరికీ కలిపి ఒకటే ఫైబర్ కనెక్షన్, రావడానికీ పోవడానికీ 40 ఎంబీపీఎస్. నాది ఇంటి నుంచి ఉద్యోగం, సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రాలు అమెరికా టీమ్‌తో కాల్స్. మరిది పెళ్లిళ్లకి వీడియో తీస్తాడు, తీసిందంతా హైదరాబాద్‌లో ఉన్న ఎడిటర్‌కి పంపాలి. మా అబ్బాయికి గేములు. డాలస్‌లో ఉన్న ఆడపడుచుతో అత్తయ్య ఆదివారం పొద్దున వీడియో కాల్ మాట్లాడుతుంది, వారం అంతా దానికోసమే ఎదురుచూస్తుంది.

పోయినేడు జూన్‌లో, వరుసగా మూడు సాయంత్రాలు నా కాల్ తెగి ఇంట్లో పెద్ద గొడవయ్యాక, మామయ్య ఒక తెల్లకాగితం మీద రెండు వాక్యాలు రాసి హాల్లో రౌటర్ పక్కన అంటించారు. "సాయంత్రం 6:30 నుంచి 9:30 దాకా కాల్స్ టైమ్. ఆ టైమ్‌లో పెద్ద డౌన్‌లోడ్లు పెట్టకూడదు." కింద అందరి సంతకాలు. ఆ చీటీని ఇప్పటికి పదహారు నెలలుగా వాడుతున్నాం. మధ్యలో రెండుసార్లు తిరగరాశాం. ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ రాలేదో చెప్తాను.

మొదటి రెండు నెలలు బాగానే నడిచింది. మా అబ్బాయి 90 జీబీ గేము ఒకటి రాత్రి 11 గంటలకి పెట్టి పడుకునేవాడు. మా లైన్ మీద దానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, తెల్లవారేసరికి దిగిపోయి ఉండేది. ఇంతవరకూ సంతోషమే.

శ్రావణంలో దెబ్బ తగిలింది. తెనాలిలో దగ్గరి బంధువుల పెళ్లికి ఇంటిల్లిపాదీ వెళ్లి, సాయంత్రం ఏడింటికి తిరిగొచ్చారు. నాకు సెలవు దొరకలేదు, ఒక్కదాన్నే ఇంట్లో కాల్‌లో ఉన్నాను. వాళ్లు వచ్చిన పది నిమిషాలకి అవతలి వాళ్లు "నీ గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది" అనడం మొదలుపెట్టారు. వాళ్ల మాట మాత్రం నాకు శుభ్రంగా వినిపిస్తోంది, బొమ్మ కూడా స్పష్టంగా ఉంది. కాల్ అయ్యాక కిందకి వెళ్లి అడిగితే ఎవరూ ఏ డౌన్‌లోడూ పెట్టలేదన్నారు. నేను నమ్మలేదు. మా అబ్బాయిని గట్టిగా కోప్పడ్డాను కూడా, ఆ మాటలు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. వాడు నిజమే చెప్పాడు. డౌన్‌లోడ్ ఎవరూ పెట్టలేదు.

జరిగిందేమిటంటే, ఐదు ఫోన్లు పెళ్లి వీడియోలతో ఇంటికొచ్చి వైఫై తగలగానే ఫొటోల బ్యాకప్ మొదలుపెట్టాయి. 4కె లో తీసిన వీడియో ఒక నిమిషానికి, ఫోన్‌ని బట్టి, రెండు మూడు వందల ఎంబీ ఉంటుంది. ఐదు ఫోన్లలో తలా పావుగంట వీడియో ఉందనుకున్నా ఇంచుమించు 20 జీబీ. అదంతా ఒకేసారి బయటికి పోవడానికి తోసుకుంది.

నా కాల్‌కి కావలసింది మహా అయితే రెండు మూడు ఎంబీపీఎస్. 40లో అంత చోటు ఉండదా అని నాకూ అనిపించింది. కానీ అసలు ఇబ్బంది చోటుది కాదు, వరుసది. బయటికి పోవలసిన సమాచారం లైన్ పట్టేదానికంటే ఎక్కువ వచ్చినప్పుడు రౌటర్ దాన్ని ఒక వరుసలో నిలబెడుతుంది. నా గొంతు కూడా ఆ వరుస చివర్లోనే నిలబడాలి. మిర్చి సీజన్లో యార్డు రోడ్డు మీద టిక్కీల లారీలు బారులు తీరితే స్కూటర్ కూడా కదలదు కదా, అదే పరిస్థితి. ఫైలు అరసెకను ఆలస్యంగా వెళ్తే దానికి నష్టం లేదు. మాట అరసెకను ఆలస్యమైతే అది మాట కాదు.

ఆ రాత్రి మా ఆయన దీన్ని కళ్లకి కట్టినట్టు చూపించారు. ఫోన్లన్నిటిలో బ్యాకప్ ఆపించి, నా ల్యాప్‌టాప్‌లో ఇది కొట్టారు:

```
ping -t 8.8.8.8
```

బయట ఉన్న గూగుల్ సర్వర్‌కి చిన్న సందేశం పంపి, జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో ఇది చూపిస్తుంది. ప్రతి లైనులో time=9ms, time=11ms అని వస్తోంది. ఒక ఫోన్లో బ్యాకప్ మళ్లీ మొదలుపెట్టారు, అంకె 60 దాటింది. మరిది తన కంప్యూటర్ నుంచి కూడా పంపడం మొదలుపెట్టగానే 300, 380, మధ్యమధ్యలో Request timed out. రెండూ ఆపేసిన రెండు మూడు సెకన్లలో మళ్లీ 10కి దిగింది. మామయ్య కళ్లజోడు సవరించుకుని ఆ అంకెలు పైకి చదువుతూ కూర్చున్నారు. ఆ పది నిమిషాలు అందరూ చూశాక ఇంట్లో ఒకరి మీద ఒకరికి అనుమానం పోయింది. నా దృష్టిలో చీటీకి అసలు బలం అక్కడే వచ్చింది.

అప్పటినుంచి నేను వాడే గుర్తు ఒకటుంది. అవతలివాళ్లకి మన గొంతు తెగుతూ, మనకి వాళ్లది బాగా వినిపిస్తుంటే, ఇంట్లోంచి ఏదో బయటికి పోతోందని అర్థం. అది తిరగబడి, వాళ్ల బొమ్మ మనకి ఆగిపోతుంటే ఎవరో దించుకుంటున్నారని అర్థం. నూటికి నూరుపాళ్లు కాదుగానీ, ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

రెండో చీటీలో మామయ్య "డౌన్‌లోడ్లు" కొట్టేసి "దించడమైనా, పంపడమైనా" అని రాశారు. ఫోన్ల బ్యాకప్ పేరు పెట్టి రాశారు. "పెద్ద" అంటే ఎంతో కూడా రాయాల్సి వచ్చింది. మొదట 500 ఎంబీ అనుకున్నాం. దాంతో మా అబ్బాయి క్లాసు వీడియో దించుకోవడానికి కూడా గది తలుపు దగ్గరికొచ్చి "అమ్మా, పెట్టనా" అని అడిగేవాడు. అది వాడికీ విసుగు, నాకూ విసుగు. 2 జీబీకి పెంచాం. పూర్తి వేగంతో 2 జీబీ మా లైన్ మీద ఏడు నిమిషాల్లో అయిపోతుంది, ఏడు నిమిషాలు ఎవరైనా ఓర్చుకోగలరు.

చీటీ ఎక్కువ ఇబ్బంది పెట్టింది మరిదిని. ఈ మాట దాచకుండా చెప్పాలి. మాఘమాసం ముహూర్తాల్లో ఒక పెళ్లికి 60 జీబీ దాకా వస్తుంది. పూర్తి వేగంతో పంపినా మూడు గంటల ఇరవై నిమిషాలు. రాత్రి పెట్టి పడుకుంటే సరిపోతుందని మేం తేలిగ్గా అనేశాం. కానీ అతను బ్రౌజర్లో పెట్టి పడుకుంటే ల్యాప్‌టాప్ నిద్రలోకి పోయేది, పొద్దున లేచి చూస్తే సగంలో ఆగి ఉండేది, మళ్లీ మొదటి నుంచి. ఒకసారి 90 శాతం దగ్గర ఉండగా నా కాల్ ఆగిపోయిందని నేనే రౌటర్ ఆపి వేశాను. అతను ఏమీ అనలేదు, "సర్లే వదినా" అని మళ్లీ పెట్టుకున్నాడు. ఆ ఎడిటింగ్ ఒక రోజు వెనక్కి జరిగింది, పెళ్లివారి చేత మాటపడ్డది అతను.

ఆ తర్వాత రెండు మార్పులు చేశాం. బ్రౌజర్ మానేసి గూగుల్ డ్రైవ్ వాళ్ల డెస్క్‌టాప్ యాప్ పెట్టుకున్నాడు. కరెంటు పోయినా, నెట్ తెగినా, ఆగినచోటి నుంచి అందుకుంటుంది. అదే యాప్ సెట్టింగ్స్‌లో పంపే వేగానికి హద్దు పెట్టుకోవచ్చు. మేం 3000 KB/s పెట్టాం, అంటే 24 ఎంబీపీఎస్. మిగిలిన 16 నాకు చాలినంత కంటే ఎక్కువ, వరుస అసలు పేరుకోదు. 60 జీబీకి ఐదున్నర గంటలు పడుతుంది, కానీ కాల్స్ టైమ్‌లోనే నడిపినా పింగ్ 20 దాటలేదు. నిజం చెప్పాలంటే ఇది మొదటి రోజే తెలిసి ఉంటే చీటీలో సగం నిషేధాలు అక్కర్లేకపోయేవి.

ఇప్పుడు గోడమీద ఉన్నది మూడో చీటీ. మామయ్య చేతిరాతలో ఉన్నది ఉన్నట్టు:

> కాల్స్ టైమ్: సోమ–శుక్ర సాయంత్రం 6:30–9:30, ఆదివారం పొద్దున 7:30–8:30.
>
> ఆ టైమ్‌లో 2 జీబీ దాటింది దించడమైనా, పంపడమైనా ఆపాలి. ఫోన్లలో ఫొటోల బ్యాకప్ కూడా.
>
> తప్పనిసరి అయితే ముందుగా గ్రూపులో చెప్పి, వేగం 3000 KB/s కి కట్టి పెట్టుకోవచ్చు.
>
> రాత్రి 11 నుంచి పొద్దున 6 వరకు ఎవరి ఇష్టం వారిది.
>
> కాల్ తెగితే గ్రూపులో "కాల్" అని ఒక్కమాట రాయాలి. అడగకుండా రౌటర్ ఆపకూడదు.

ఆ చివరి వాక్యం నాకోసం. ఆదివారం గంట అత్తయ్య అడిగి రాయించుకుంది, మొదటి రెండు చీటీల్లో అది లేదు. ఉద్యోగం కాల్ ఒక్కటే కాల్ అన్నట్టు రాశామని నాకు అప్పుడే తట్టింది.

ఒక చిక్కు మాకు ముందు తెలియదు. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి పెడతారు. వాళ్ల పొద్దున 9 గంటల మీటింగు మనకి సాయంత్రం 6:30 కాస్తా 7:30 అవుతుంది. పోయినేడు చీటీ మార్చడం మరిచిపోయాం. ఒక వారం పాటు చీటీ ప్రకారం మా అబ్బాయి తొమ్మిదిన్నరకి గేము అప్‌డేట్ పెట్టాడు, నా కాల్ పదిన్నర దాకా ఉంది. తప్పు వాడిది కాదు. మార్చిలో మళ్లీ వెనక్కి మార్చాం.

చీటీ వల్ల కానిది కూడా ఉంది. పై అంతస్తులో వెనక గదిలో వైఫై బలహీనం, అక్కడ కూర్చుంటే ఇంట్లో ఎవరూ ఏమీ పెట్టకపోయినా కాల్ తడబడుతుంది. తేడా కనిపెట్టడానికి రౌటర్‌కే పింగ్ కొట్టి చూడాలి, మా దాని అడ్రసు 192.168.1.1. ఆ అంకెలే ఎగిరిపడుతుంటే లోపం గదికీ రౌటర్‌కీ మధ్యనే. అది బాగుండి 8.8.8.8 మాత్రం ఎగిరితే ఇంట్లో ఎవరైనా లైన్ నింపుతున్నారా అని చూడాలి. ఎవరూ లేకపోతే బయట లైన్‌లోనే ఏదో ఉంది, ఫిర్యాదు చేయాలి. వెనక గదికి మేం కేబుల్ లాగించుకున్నాం, దాంతో ఆ సంగతి తీరింది.

మొన్న దసరాకి గోడలకి సున్నం వేయించినప్పుడు చీటీ తీసి, మళ్లీ అంటించేముందు మామయ్య 6:30–9:30 పక్కనే పెన్సిల్‌తో "నవంబరు నుంచి 7:30–10:30" అని రాశారు. రాత్రి 11కి గంట కూడా మిగలదు కదా, పడుకునేముందు అప్‌డేట్లు ఎప్పుడు పెట్టుకోవాలి అని మా అబ్బాయి అడిగాడు. ఆ సంగతి ఈ ఆదివారం, అత్తయ్య కాల్ అయ్యాక కూర్చుని తేల్చుకుంటాం.