లైకులా, దేశమా, గ్రాఫా, ట్రాఫిక్ సోర్సా: దొంగ వ్యూస్ పట్టుకోవడానికి ఏది మేలు?

మా చెల్లెలికి యూట్యూబ్‌లో మిద్దెతోట ఛానెల్ ఉంది. ఒక్కో వీడియోకి మొదటి వారంలో ఆరేడు వందల వ్యూస్ వస్తాయి, బాగా ఆడితే వెయ్యి. అలాంటిది వంగ మొక్కకి తెల్లదోమ పట్టిన వీడియో పెట్టిన రెండు రోజులకే ఫోన్ చేసి "అక్కా, 14,300 దాటింది, మనం వైరల్" అంది. నాకు సంతోషం కంటే ముందు అనుమానం వచ్చింది, ఎందుకంటే అంత మంది చూసిన వీడియో కింద వంగతోట వాళ్ళు అడగాల్సిన ప్రశ్నలు పది కూడా లేవు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని, ఛానెల్ లెక్కలు చూపించే యూట్యూబ్ స్టూడియో తెరిచి, అవి డబ్బుతో కొన్న దొంగ వ్యూసేనా అని తేల్చడానికి జనం చెప్పే నాలుగు పరీక్షలూ ఒకే వీడియో మీద పెట్టి చూశాం. నాలుగూ ఒకే మాట చెప్పలేదు.

మొదట అందరూ చూసేది లైకులు. 14,300 వ్యూస్‌కి 61 లైకులు, అంటే వెయ్యికి నాలుగు. ఆమె మామూలు వీడియోలకి వందకి నాలుగు దాకా పడతాయి. కాబట్టి తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది, పరీక్ష పనిచేసినట్టే అనిపించింది. కానీ అది అదృష్టం. వ్యూస్ కొన్నవాడు ఇంకో వంద రూపాయలు పెట్టి 500 లైకులు కూడా కొని ఉంటే మొత్తం 561 అయ్యేవి, నిష్పత్తి మళ్ళీ వందకి నాలుగు దగ్గరికి వచ్చి కూర్చునేది, మేము హాయిగా పడుకునేవాళ్ళం. పైగా టీవీలో చూసేవాళ్ళు లైకు కొట్టడానికి రిమోట్ వెతుక్కోరు, పిల్లల వీడియోలకి కామెంట్లే ఉండవు, అలాంటి నిజమైన ఛానెళ్ళ మీద ఈ పరీక్ష ఊరికే నింద వేస్తుంది. బయటి వాళ్ళకి కనిపించేది లైకులే కాబట్టి వాటికి అంత పేరొచ్చింది తప్ప, ఛానెల్ సొంతదారు దీని మీద ఆధారపడటం దండగ.

రెండోది దేశం. తెలుగు ఛానెల్‌కి ఎక్కడి బ్రెజిల్ నుంచో, వియత్నాం నుంచో వేలల్లో వ్యూస్ వస్తే అది బాట్, అంటే మనుషులు కాకుండా ఏదో ప్రోగ్రామ్ వీడియోని ఆడించడం, అని అందరూ చెబుతారు, నిజమే. అమెరికా, కువైట్, దుబాయ్ కనిపిస్తే మాత్రం తొందరపడకూడదు, అక్కడ మనవాళ్ళే ఉన్నారు. మా చెల్లెలి వీడియోలో ఇండియా 96 శాతం! పరీక్ష పూర్తిగా పాస్. తర్వాత తెలిసింది ఏంటంటే, అమ్మేవాళ్ళు 'ఇండియన్ వ్యూస్' అని విడిగా, కాస్త ఎక్కువ రేటుకి అమ్ముతారట. ఈ పరీక్షలో తేడా కనిపిస్తే అనుమానించొచ్చు గానీ, కనిపించలేదని నమ్మకూడదు. దాని పక్కనే ఉన్న డివైస్ లెక్క కొంచెం నయం. ఆమె ఛానెల్ చూసేది దాదాపు అంతా ఫోన్లలోనూ టీవీల్లోనూ, ఈ వీడియోకి మాత్రం పదిలో తొమ్మిది వ్యూస్ కంప్యూటర్ నుంచి. మిద్దె మీద మొక్కల దగ్గర నిలబడి డెస్క్‌టాప్‌లో ఎవరు చూస్తారు?

మూడోది రిటెన్షన్ గ్రాఫ్, అంటే వీడియోలో ఏ క్షణానికి ఎంతమంది ఇంకా చూస్తున్నారో చూపించే గీత. ఇది నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఇందులో మనుషులు కనిపిస్తారు. ఆమె పాత వీడియోల గ్రాఫులు ఏది చూసినా మొదటి అరనిమిషంలో జారి, తర్వాత మెల్లగా దిగుతూ, ఒకచోట చిన్న గుట్టలా లేస్తుంది. ఆ గుట్ట ఎక్కడో వెళ్ళి చూస్తే ఆమె "లీటరు నీళ్ళకి 5 ఎం.ఎల్. వేపనూనె, కొంచెం సబ్బు నీళ్ళు" అని కొలత చెప్పే చోటు. జనం వెనక్కి జరిపి రాసుకుంటారు కదా. ఈ వీడియోలో కూడా కొలత ఉంది, 3వ నిమిషంలో. గుట్ట మాత్రం కనిపించీ కనిపించనట్టు ఉంది, ఎందుకంటే దానికి ముందే, 41వ సెకను దగ్గర, గీత గోడ మీంచి దూకినట్టు నిట్టనిలువుగా పడింది. వేల మందికి ఒకే సెకనులో విసుగు పుట్టదు, ఆ ప్రోగ్రామ్‌ని అంతసేపు ఆడించమని ఎవరో పెట్టారు.

అయితే దీనికి రెండు చిక్కులున్నాయి. గ్రాఫ్ వెంటనే రాదు, ఒకటి రెండు రోజులు పడుతుంది, ఈలోపు కొన్న వ్యూస్ ఆర్డర్ సగం దిగిపోతుంది. రెండోది, 'హై రిటెన్షన్' అని ఇంకో సరుకు అమ్ముతారు, అందులో బాట్ వీడియోని చాలాసేపు ఆడిస్తుంది. అప్పుడు గోడ ఉండదు, గీత గీసినట్టు తిన్నగా పోతుంది, గుట్టలూ ఉండవు. కొత్తగా చూసేవాళ్ళు దాన్ని చూసి "అబ్బా, ఎంత బాగా చూస్తున్నారో" అని మురిసిపోతారు కూడా.

ఇక నాలుగోది, నేను పందెం వేసేది: ట్రాఫిక్ సోర్స్, అంటే వ్యూస్ ఏ దారిన వచ్చాయన్న లెక్క, అదీ ఇంప్రెషన్లతో కలిపి. యూట్యూబ్ తన సొంత పేజీల్లో మీ థంబ్‌నెయిల్ కనీసం సగం, ఒక సెకనుకి పైగా ఎవరికైనా చూపిస్తే ఒక ఇంప్రెషన్ లెక్కేస్తుంది. దాంట్లో ఎంతమంది నొక్కారో పక్కనే శాతం ఉంటుంది. మా వీడియోకి 21,000 ఇంప్రెషన్లు, నొక్కింది 4.2 శాతం. గుణిస్తే 880 వ్యూస్. మరి మిగతా పదమూడు వేల పైచిలుకు ఏ దారిన వచ్చాయి? నోటిఫికేషన్లు, వాట్సాప్ షేర్లు, ఎండ్ స్క్రీన్లు ఇవన్నీ ఇంప్రెషన్లలోకి రావు కాబట్టి వాటికి ఓ ఐదొందలు వదిలేద్దాం. అయినా లెక్క తేలదు.

Advanced mode లోకి వెళ్ళి Traffic source నొక్కితే తేలిపోయింది: 12,900 వ్యూస్ Direct or unknown కింద ఉన్నాయి, సగటున చూసింది 41 సెకన్లు. మిగతా దారులన్నీ కలిపి 1,400, సగటు 3 నిమిషాల 50 సెకన్లు. అంటే ఒకే వీడియోలో రెండు వేర్వేరు జనాభాలు. నిజమైన జనం ఎప్పటిలాగే చూశారు, కాస్త ఎక్కువగానే చూశారు పాపం, ఆ సంగతి కింద పూడిపోయింది. పై పేజీలో కనిపించే మొత్తం సగటు 1 నిమిషం మాత్రమే. ఆ ఒక్క అంకె చూసుకుని "నా వీడియో ఎవరికీ నచ్చలేదు, ఇక తెగుళ్ళ వీడియోలు చేయను" అనుకుంటే అంతకంటే నష్టం లేదు.

ఈ పరీక్ష ఎందుకు గట్టిది అంటే, లైకులు కొనొచ్చు, దేశం కొనొచ్చు, నిమిషాలు కూడా కొనొచ్చు. కానీ యూట్యూబ్ తన హోమ్ పేజీలో లక్షల మందికి మన థంబ్‌నెయిల్ చూపించడాన్ని వ్యూస్ అమ్మేవాడు అమ్మలేడు. నిజంగా పేలిన వీడియోకి వ్యూస్‌తో పాటు ఇంప్రెషన్లు కూడా పెరుగుతాయి, Browse features లోనో Suggested videos లోనో కనిపిస్తాయి.

ఇదీ తప్పు పట్టదని కాదు. ఆ ముందు నెల అంటు మామిడి వీడియో ఒకటి ఎవరో అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో తిప్పితే ఒక్కరోజులో 1,800 వచ్చాయి, ఇంప్రెషన్లు లేవు, చూసింది కూడా తక్కువే. పైపైన చూస్తే అచ్చం దొంగ సరుకే. అయితే అవి External కింద వాట్సాప్ పేరుతో ఉన్నాయి. యూట్యూబ్‌లోనే డబ్బు కట్టి ప్రమోషన్ పెట్టినా ఇలాగే పేలవంగా ఉంటుంది, కాకపోతే YouTube advertising అని స్పష్టంగా రాసి ఉంటుంది. అది తప్పు కాదు, కాకపోతే మానిటైజేషన్‌కి, అంటే యాడ్స్ మీద డబ్బు రావడానికి, కావలసిన 4,000 గంటల్లో ఆ ప్రకటన గంటలు కలవవు.

అనుమానం తీరకపోతే గంటల లెక్క చూడాలి. 48 గంటల రియల్‌టైమ్ బార్లు చూస్తే మా వీడియోకి రాత్రి 8 గంటలకి 340, తెల్లవారుజామున 3 గంటలకి 270. అంటు మామిడికి అదే 3 గంటలకి రెండో మూడో. మనుషులు నిద్రపోతారు, ఆర్డర్ నిద్రపోదు. ట్రాఫిక్ సోర్స్ వివరాలు వచ్చేదాకా ఆగలేని వాళ్ళకి మొదటి రాత్రే దొరికే సాక్ష్యం ఇది, అందుకే నా లెక్కలో దీనిది రెండో స్థానం, గ్రాఫ్‌ది మూడు, దేశం, లైకులు చివర.

చేసిందెవరో మర్నాడు తేలింది. మా మరిది, చెల్లెలి భర్త. భార్య దిగులుగా ఉంటోందని ఏదో ప్రమోషన్ గ్రూపులో 20,000 వ్యూస్ ఆర్డర్ పెట్టాడట, పుట్టినరోజు కానుక అనుకున్నాడట. ఏమనాలి?

ఇప్పుడు ఏం చేయాలన్నది ఇంకో పోలిక. వీడియో తీసేద్దామంది చెల్లెలు. నేను వద్దన్నాను. తీసేసినా, ప్రైవేట్ చేసినా ఆ వీడియో గంటలు పబ్లిక్ లెక్కలోంచి పోతాయి. ఆ 1,400 మంది నిజంగా చూసినవే దాదాపు 90 గంటలు, 4,000 కోసం లెక్కపెట్టుకునే మనిషికి అది చిన్న విషయం కాదు. దొంగ వ్యూస్ గంటలు ఎలాగూ నిలవవు. 2015 దాకా కౌంటర్ 301 దగ్గర ఆగి పరిశీలించేది గుర్తుందా, ఇప్పుడు అలా బయటికి కనిపించకుండా తర్వాత కోసేస్తారు. అందుకని ఆర్డర్ మిగతాది ఆపించి, వీడియోని అలాగే వదిలేసి, తేదీలతో స్క్రీన్‌షాట్లు దాచుకున్నాం. మానిటైజ్ అయిన ఛానెల్ అయితే సలహా కొంచెం మారుతుంది: దాడి నడుస్తున్నన్నాళ్ళూ ఆ ఒక్క వీడియోకి యాడ్స్ ఆపేయడం మేలు, ఎందుకంటే చెల్లని ట్రాఫిక్ అని తేలితే ఆదాయం వెనక్కి కోయడమే కాదు, యాడ్స్ రావడమే తగ్గించొచ్చు. మేము కొనలేదు, మా వాళ్ళెవరో కొన్నారు అన్న సాకు కూడా చెల్లదు, మీ తరఫున ఎవరు చేసినా ఛానెల్‌దే బాధ్యత అని ఫేక్ ఎంగేజ్‌మెంట్ నియమాల్లోనే ఉంది.

మూడు వారాల తర్వాత వ్యూస్ సగానికి పైగా పడిపోయాయి. ఆ రోజు మా మరిది ఫోన్ చేశాడు. "వదినా, డ్రాప్ అయితే రీఫిల్ గ్యారెంటీ ఉందట, డబ్బులు కూడా కట్టక్కర్లేదట, పెట్టించనా?" అన్నాడు. ఫోన్ చెల్లెలికి ఇవ్వమన్నాను.